తొమ్మిదించుల ఇటుక గోడకి క్యూబిక్ మీటర్ రేటు ఎలా కట్టాలి

గోడకి రేటు అడిగితే మేస్త్రి ఒకటి చెప్తాడు, కాంట్రాక్టర్ ఇంకోటి చెప్తాడు, ఇంటాయన బంధువు ఒంగోల్లో ఇంతకే కట్టించాను అని మూడోది చెప్తాడు. ముగ్గురూ అబద్ధం చెప్పకపోవచ్చు, ఎందుకంటే ముగ్గురి ఇటుక సైజు వేరు, ఇసుక దూరం వేరు, మనుషుల పని వేరు. అందుకని రేటుని పక్కోడి నుంచి తెచ్చుకోకుండా మన సైట్ లెక్కలతో మనమే కట్టుకోవాలి, ఎట్టా అనేది ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తా.

కావలి దగ్గర ఒక ఇల్లు అనుకోండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో తొమ్మిదించుల గోడ, తలుపులు కిటికీలు తీసేస్తే మొత్తం 30 క్యూబిక్ మీటర్లు వచ్చింది. లోకల్ బట్టీ ఇటుక, సిమెంట్ మాలు 1:6, జాయింట్ 10 మిల్లీమీటర్లు. కింద వచ్చే ధరలన్నీ లెక్క నడవడానికి నేను పెట్టినవి, వాటి చోట మీ ఊరి ధరలు పెట్టుకోండి. లెక్క మాత్రం మారదు.

ముందు ఇటుకని కొలవండి

చాలామంది ఇక్కడే తప్పు దారి పడతారు. క్యూబిక్ మీటర్‌కి 500 ఇటుకలు అని నోటి లెక్క ఒకటి ఉంది కదా, అది 19 x 9 x 9 సెంటీమీటర్ల మాడ్యులర్ ఇటుకకి. జాయింట్‌తో కలిపి 20 x 10 x 10 అవుద్ది కాబట్టి సరిగ్గా 500 వస్తయి. మన బట్టీల్లో ఆ సైజు దాదాపు దొరకదు, మనకొచ్చేది పాత సైజు ఇటుక, అదీ బట్టీకి బట్టీకి కాస్త తేడాగా.

లోడు దిగాక 20 ఇటుకలు ఏరకుండా, చేతికొచ్చినవి తీసుకోండి. పొడవు వైపు ఒకదానికొకటి ఆనించి లైన్‌గా పేర్చి టేపు పెట్టండి, తర్వాత అడ్డం వైపు పేర్చి, తర్వాత ఎత్తు వైపు పేర్చి. ఒక్క ఇటుకకి టేపు పెడితే రెండు మూడు మిల్లీమీటర్లు ఎటో పోతది, 20కి పెడితే సగటు సరిగ్గా దొరుకుద్ది. మన లెక్కలో పొడవు 450, అడ్డం 210, ఎత్తు 140 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అంటే ఇటుక 22.5 x 10.5 x 7.

ఒక్కో వైపు ఒక సెంటీమీటర్ మాలు కలపండి: 23.5 x 11.5 x 8. గుణిస్తే 2162 ఘన సెంటీమీటర్లు, అంటే 0.002162 క్యూబిక్ మీటర్. 1ని దీంతో భాగిస్తే 462.5, మనం 463 పెట్టుకుందాం.

500 అనే నోటి లెక్కకీ దీనికీ 37 ఇటుకలు తేడా వచ్చింది చూడండి. అదే ఇటుక 23 x 11 x 7.5 అయితే, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చే ఫ్లై యాష్ ఇటుకల్లో ఈ సైజు కనబడతది, 408 సరిపోతయి. కాబట్టి వెయ్యికి ధర తక్కువ ఎవరిది అని కాదు, క్యూబిక్ మీటర్‌కి ఎవరి ఇటుక ఎంత అవుద్దో చూసి కొనాలి. చిన్న ఇటుక వెయ్యికి చౌకగా వచ్చి గోడకి ఖరీదవడం మామూలే.

మాలు ఎంత పడుద్ది

ఇటుక ఒక్కదాని ఘనపరిమాణం 22.5 x 10.5 x 7, అంటే 0.001654. దాన్ని 462.5తో గుణిస్తే 0.765. ఒక క్యూబిక్ మీటర్ గోడలో ఇటుక ఇంత, మిగతా 0.235 మాలు.

కానీ ఇది కాగితం మీద లెక్క. ఇటుక మీద బట్టీ వాళ్ళ అక్షరాలున్న గుంట ఉంటది, అందులో మాలు కూర్చుంటది. బట్టీ ఇటుక వంకర టింకరగా ఉంటే జాయింట్ ఒకచోట 8, ఇంకోచోట 14 వస్తది. పైగా కరణె మీంచి జారి కింద పడేది, సాయంత్రం బొచ్చెలో గట్టిపడి పారేసేది ఉండనే ఉంటది. వీటికి 15 శాతం కలిపితే 0.27 క్యూబిక్ మీటర్ మాలు. ఈ 15 శాతం మాలుకి పోయే నష్టమే అని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇదే నష్టాన్ని కింద సిమెంట్‌లో ఒకసారి, ఇసుకలో ఒకసారి, చివర మొత్తం మీద 5 శాతం అని ఇంకోసారి కలిపేస్తుంటారు, అట్టా మూడు సార్లు కలిపిన రేటు చూస్తే ఇంటాయనకి కళ్ళు తిరగతయి.

తడి మాలు 0.27 కావాలంటే పొడి సరుకు దానికి 1.3 రెట్లు తీసుకోవాలి, నీళ్ళు కలిపాక సిమెంట్ ఇసుక సందుల్లోకి దూరి మొత్తం తగ్గుద్ది కాబట్టి. 0.27 x 1.3 = 0.351. ఇందులో ఏడు భాగాలు, ఒకటి సిమెంట్, ఆరు ఇసుక.

సిమెంట్ 0.351 / 7 = 0.0501 క్యూబిక్ మీటర్. క్యూబిక్ మీటర్‌కి 1440 కిలోలు కాబట్టి 72 కిలోలు. మాలు కలపకముందే పోయే చినిగిన బస్తాలు, గట్టిపడిన ముద్దలకి 2 శాతం కలిపితే 73.6 కిలోలు, అంటే 1.47 బస్తాలు. ఇసుక ఆరు భాగాలు 0.301 క్యూబిక్ మీటర్.

ఇంకో పద్ధతి కూడా ఉంది, అది వాడే వాళ్ళు చాలామందే ఉన్నారు. క్యూబిక్ మీటర్ ఇసుక క్యూబిక్ మీటర్ మాలు ఇస్తది, సిమెంట్ సందుల్లో సర్దుకుంటది అనుకుని 1440ని 6తో భాగించి 240 కిలోలు అని పెడతారు. ఆ లెక్కన మనకి 65 కిలోలే వస్తది. ఏది పెట్టినా పర్లేదు, కానీ ఒకటే పట్టుకోండి, రేటు కట్టేటప్పుడు 1.3 పెట్టి, సైట్‌లో బస్తాలు లెక్క చూసేటప్పుడు 240 పెట్టి, సిమెంట్ ఎక్కువ పోయిందని మేస్త్రి మీద అరవకండి.

ఇసుక దగ్గర ఆగి ఆలోచించండి

0.301 అనేది జల్లెడ పట్టిన పొడి ఇసుక. మనం కొనేది ట్రాక్టర్‌లో వచ్చే తడి ఇసుక, గులకలతో, ఆకులతో. జల్లెడలో పోయేది, నేలలో కలిసిపోయేది 10 శాతం పెట్టుకుంటే 0.331.

తర్వాత ఉబ్బు. ఇసుకకి కొంచెం తేమ తగిలితే రేణువుల చుట్టూ నీటి పొర పట్టి ఒకదాన్నొకటి దూరం నెడతయి, 4 నుంచి 6 శాతం తేమ దగ్గర ఈ ఉబ్బు బాగా ఎక్కువగా ఉంటది, సన్న ఇసుకైతే ఇంకా ఉబ్బుద్ది. పెన్నా ఇసుక రీచ్‌లో ఎత్తి నేరుగా తెచ్చి పోస్తే ఇట్టానే ఉంటది. కొలవడం తేలిక. నిటారుగా ఉండే గాజు గ్లాసో ప్లాస్టిక్ సీసానో తీసుకుని తడి ఇసుక కుదించకుండా 18 సెంటీమీటర్ల ఎత్తుకి పోయండి, తర్వాత ఇసుక మునిగేదాకా నీళ్ళు పోసి కలిపి వదిలేయండి. ఇసుక కూర్చుని 15 దగ్గర ఆగిందంటే 3 సెంటీమీటర్లు ఉబ్బు, 15 మీద 20 శాతం. మనం కొనాల్సింది 0.331 x 1.2 = 0.397 క్యూబిక్ మీటర్, అంటే 14 ఘనపుటడుగులు.

ఇసుకని తూకం మీద కొంటే ఈ ఉబ్బు లెక్క వద్దు, కానీ అప్పుడు నీళ్ళ బరువుకి డబ్బులు కడతారు, దాన్ని వేరేగా చూసుకోవాలి. రెండూ కలపొద్దు.

2024 జులై నుంచి ఇసుక ఉచితం కదా, ఇంక రేటులో ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. ఇసుక ఉచితమే, తవ్వి ఎత్తేదానికీ, ట్రాక్టర్‌కీ, దించేదానికీ డబ్బులు. కావలిలో సైట్ ఉండి పెన్నా దగ్గర్నుంచి రావాలంటే దూరమే అసలు ధర. సైట్‌లో పడే ధర ఎంతో అదే రాసుకోండి. మనం వంద ఘనపుటడుగులు 3,000 అనుకుందాం, 14కి 420 రూపాయలు. ఇంకోటి, సముద్రం పక్కన ఊళ్ళలో దగ్గర్లో దొరికిందని ఉప్పు ఇసుక తెస్తుంటారు. చౌకే, కానీ నాలుగు నెలలకి గోడ మీద తెల్లగా ఉప్పు పొక్కి ప్లాస్టరింగ్ పొరలు పొరలుగా ఊడొస్తది. ఆ ధర మీ రేటులోకి తేవొద్దు.

ఇటుక, సిమెంట్, నీళ్ళకి డబ్బులు వేయండి

ఇటుక బట్టీ దగ్గర వెయ్యి 7,500 అనుకోండి. లారీ 900, దించి పేర్చడానికి 300. సైట్‌లో వెయ్యి 8,700 పడింది, ఒక్కోటి 8 రూపాయల 70 పైసలు. బట్టీ ధర రాసి లారీ మర్చిపోయే వాళ్ళు ఎక్కువ.

విరిగేదానికి 5 శాతం: 463 x 1.05 = 486 ఇటుకలు. 486 x 8.70 = 4,228 రూపాయలు. ఈ 5 శాతం మీ సైట్‌లో నిజమా కాదా అనేది మొదటి లోడుకే తేలుద్ది. 2000 ఇటుక దించారు, అది మొత్తం అయిపోయాక కట్టిన గోడ కొలిస్తే 4.1 క్యూబిక్ మీటర్లు వచ్చింది అనుకోండి, 4.1 x 463 = 1898. 102 ఇటుకలు గోడలో లేవు, 5.4 శాతం, సరే పర్లేదు. అదే 3.8 మీటర్లే వస్తే 240 ఇటుకలు ఎటో పోయినయి. లోడు లెక్క తక్కువొచ్చి ఉండాలి, లేదా ఇటుక సరిగా కాలక చేతిలోనే విరిగిపోతుండాలి, లేదా సెప్టిక్ ట్యాంకుకీ పొయ్యికీ వాడేసి ఉండాలి. సగం ముక్కలన్నీ నష్టం కాదు, మూలల దగ్గర, తలుపుల పక్కన ముక్కలు ఎట్టాగూ కావాలి, మంచి మేస్త్రి విరిగినవి ముందు అక్కడ వాడతాడు, తెలియనోడు మంచి ఇటుకని కొట్టి ముక్క చేస్తాడు.

సిమెంట్ బస్తా సైట్‌కి 350 అనుకుంటే 1.47 బస్తాలు 515 రూపాయలు. సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత షీటులో ధర అట్టానే కాపీ చేసి ఉంటే అది మార్చుకోండి.

నీళ్ళని చాలామంది ఫ్రీ అనుకుంటారు. బట్టీ ఇటుకని కట్టే ముందు నానబెట్టాలి, ఒక్కో ఇటుక సుమారు 2.8 కిలోలు, దాని బరువులో 15 శాతం నీళ్ళు పీలిస్తే 486 ఇటుకలకి 200 లీటర్లు అక్కడే పోతయి. మాలులోకి 50, తర్వాత కనీసం వారం రోజులు గోడ తడపాలి. మొత్తం 600 లీటర్లు పెట్టుకుందాం. సైట్‌లో బోరు ఉప్పునీళ్ళు పడి ట్యాంకర్ తెప్పించుకునే పరిస్థితైతే 5000 లీటర్లు 600 చొప్పున క్యూబిక్ మీటర్‌కి 72 రూపాయలు.

ఇటుక 4,228, సిమెంట్ 515, ఇసుక 420, నీళ్ళు 72. మెటీరియల్ మొత్తం 5,235.

కూలీ: ఇక్కడే రేటు తేలేది మునిగేది

రోజు కూలీ ఎంత అని అందరూ అడుగుతారు, రోజుకి ఎంత గోడ లేచిందో ఎవరూ రాయరు. రేటులో ఈ రెండోదే ముఖ్యం.

మన జట్టు: ఇద్దరు మేస్త్రీలు 1,000 చొప్పున, ఇటుక మాలు అందించే ఇద్దరు మగమనుషులు 750 చొప్పున, ఒక ఆడమనిషి 600. రోజుకి 4,100. కూలీలో మగ ఆడ తేడా న్యాయమా అంటే కాదు, కానీ ఊళ్ళో ఇచ్చేదే రాస్తున్నా.

ఇప్పుడు పని. తిన్నగా ఉన్న గోడ, నడుం ఎత్తులో, ఇటుక దగ్గర్లోనే ఉంటే ఒక్కో మేస్త్రి రోజుకి క్యూబిక్ మీటర్ దాకా లేపుతాడు, అంటే 460 ఇటుకలు. కానీ ఇంట్లో మూలలుంటయి, తలుపు ఫ్రేములుంటయి, మొదటి వరస పోసి దారం కట్టే రోజు సగం దానికే పోతది, గోడ ఎత్తు పెరిగి సారవ కట్టాక ఇటుక పైకి అందించడమే పని. ఎండాకాలం కావలిలో మధ్యాహ్నం పన్నెండు దాటితే చెయ్యి ఆడదు, పొద్దున ఆరుకే మొదలుపెట్టకపోతే పని సగం. ఇవన్నీ కలుపుకుంటే జట్టు సగటు రోజుకి 1.8 క్యూబిక్ మీటర్లు పెట్టడం న్యాయం. 4,100 / 1.8 = 2,278 రూపాయలు.

మీ జట్టుది ఎంతో తెలుసుకోవాలంటే రోజూ సాయంత్రం వాళ్ళు కడుక్కునే టైంకి గోడకి టేపు పెట్టి పొడవు, ఎత్తు, మందం నోట్‌బుక్‌లో రాయండి, పక్కన ఎంతమంది వచ్చారో రాయండి. ఒక్క మంచి రోజు చూసి రేటు కట్టొద్దు, మూలలున్న రోజూ, సారవ రోజూ, సగం పూట పోయిన రోజూ అన్నీ కలిసిన వారం సగటే నమ్మండి. మేస్త్రి "రోజుకి వెయ్యి ఇటుక కడతా సార్" అంటాడు, కడతాడు కూడా, కాంపౌండ్ వాల్‌లో తిన్నగా పోయే చోట. "మరి కిటికీల దగ్గర ఎంత కడతావు మేస్త్రీ" అంటే నవ్వుతాడు.

తడిపే మనిషి కూలీ వేరేగా రాయండి, లేకపోతే ఎవరి పనీ కాకుండా పోతది. 30 మీటర్లు 1.8 చొప్పున 17 రోజులు, పైన వారం తడపడం, 24 రోజులు. రోజుకి గంటా పావు చొప్పున 30 గంటలు, అంటే 600 కూలీ మీద 2,250. 30తో భాగిస్తే 75. కూలీ మొత్తం 2,353.

సారవ కర్రలు, పలకలు, బొచ్చెలు, తాళ్ళు, జల్లెడ అద్దె, అరుగుదలకి 100 పెట్టండి. మెటీరియల్, కూలీ, సామాను కలిపి 7,688 రూపాయలు.

ఓవర్‌హెడ్ లాభం కాదు

ఈ రెండింటినీ కలిపి 10 శాతం అని పడేస్తే చిన్న పనుల్లో కాంట్రాక్టర్ చేతి డబ్బులు పెడతాడు. ఓవర్‌హెడ్ అంటే గోడ లేచినా లేవకపోయినా అయ్యే ఖర్చు. ఈ ఇంటికి చూస్తే సూపర్‌వైజర్ జీతంలో ఈ సైట్ వాటా 9,000, రాత్రి కాపలాకీ సిమెంట్ షెడ్డుకీ 4,000, పెట్రోలూ ఫోనూ 3,000. మొత్తం 16,000, 30 క్యూబిక్ మీటర్లకి పంచితే 533.

దీన్ని శాతంగా కాకుండా రూపాయల్లో కట్టడానికి కారణం ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు. పని పది రోజులు ఆగిందంటే ఇటుక సిమెంట్ ఖర్చు పెరగదు, కానీ సూపర్‌వైజర్, కాపలా నడుస్తూనే ఉంటయి, 16,000 కాస్తా 22,000 అవుద్ది, క్యూబిక్ మీటర్‌కి 733. శాతంలో పెడితే ఈ సంగతి కనబడదు. అట్టానే 30 బదులు 10 క్యూబిక్ మీటర్ల పనైతే కాపలా ఖర్చు మూడో వంతు అవదు.

7,688కి 533 కలిపితే 8,221. దీని మీద లాభం 10 శాతం, 822. రేటు 9,043 రూపాయలు క్యూబిక్ మీటర్‌కి.

సర్కారు పనుల్లో ఈ రెండూ కలిపి ఒకటే శాతంగా ఉంటయి, కేంద్రం వాళ్ళ సీపీడబ్ల్యూడీ లెక్కల్లో 15 శాతం. మనకి పైన వచ్చింది 17.6, చిన్న పని కాబట్టి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టర్ అయితే ప్రైవేటు ఇంటి పని మీద 18 శాతం వేస్తాడు, అది రేటు కింద వేరే లైన్‌లో ఉండాలి, లోపల కలిపేస్తే ఎవరి రేటు ఎవరితో పోల్చాలో తెలియదు.

చదరపుటడుగు రేటుకి మార్చేటప్పుడు

ఇంటాయనకి క్యూబిక్ మీటర్ అంటే ఎక్కదు, చదరపుటడుగు చెప్పాలి. మన ఇటుక పొడవు 22.5 సెంటీమీటర్లు, కాబట్టి గోడ మందం 0.225. 9,043 x 0.225 = 2,035 చదరపు మీటర్‌కి, 10.764తో భాగిస్తే 189 రూపాయలు చదరపుటడుగుకి. ఇక్కడ 0.23 పెట్టి గుణిస్తే 193 వస్తది. గోడ 22.5 కట్టి బిల్లు 23కి రాయడం చాలా చోట్ల జరుగుద్ది, ఏది కొలతో ముందే మాట్లాడుకోండి.

నాలుగున్నరించుల గోడకి ఇందులో సగం వేయొద్దు. దాన్ని చదరపు మీటర్లలోనే కొలుస్తారు, మాలు మామూలుగా 1:4, మధ్యమధ్య ఇనుప కడ్డీలు వేస్తారు, సన్న గోడ కాబట్టి మేస్త్రి చెయ్యి నిదానంగా నడుస్తది. దానికి ఇంకో షీటు కట్టాలి.

ఏది మారితే రేటు ఎంత కదులుద్ది

రేటు కట్టాక ఒక్కో అంకె మార్చి చూడండి, ఏ విషయం మీద బేరం ఆడాలో అప్పుడు తెలుస్తది. సిమెంట్ బస్తాకి 30 రూపాయలు పెరిగితే క్యూబిక్ మీటర్‌కి 44 రూపాయలు. జట్టు పని 1.8 నుంచి 1.5కి పడితే కూలీ 2,733 అవుద్ది, 455 రూపాయలు పెరిగింది. 463 ఇటుకల చోట నోటి లెక్క 500 పెడితే నష్టంతో కలిపి 525 ఇటుకలు, 339 రూపాయలు ఎక్కువ, 30 మీటర్లకి పదివేలు దాటింది. మనోళ్ళు మాత్రం సిమెంట్ షాపులో బస్తాకి ఐదు రూపాయలు తగ్గించమని అరగంట కూర్చుంటారు.

సైట్‌లో రేటు నిలబడుతోందా అని చూడటం

బస్తాలు లెక్క పెట్టండి. ఈ ఇటుకకి పది క్యూబిక్ మీటర్ల గోడకి 14, 15 బస్తాలు పోవాలి. 11 బస్తాలే పోయినయంటే సిమెంట్ మిగిలిందని సంతోషపడొద్దు, మాలు 1:8కి జారింది. బస్తాకి ఇసుక బొచ్చెలతో గుట్టగా పోసి కలిపితే ఇట్టానే అవుద్ది. ఒక చెక్కపెట్టె చేయించండి, లోపల 40 x 35 x 25 సెంటీమీటర్లు, అది 35 లీటర్లు, ఒక బస్తా సిమెంట్ పట్టేంత. బస్తాకి ఆరు పెట్టెల ఇసుక, అంచుకి సమంగా గీసి. ఇసుక తడిగా ఉండి 20 శాతం ఉబ్బి ఉంటే ఏడు పెట్టెలు, పైన కొంచెం.

అదే 20 బస్తాలు పోయినయంటే జాయింట్లు లావుగా వస్తున్నయి, టేపు పెట్టి చూడండి, 15 మిల్లీమీటర్లు ఉంటది. ఇందులో ఒక తిరకాసు ఉంది. జాయింట్ 10 నుంచి 15కి పోతే ఇటుకలు 463 నుంచి 408కి తగ్గుతయి, అంటే నష్టంతో కలిపి 502 రూపాయలు మిగులు. సిమెంట్ 196, ఇసుక 160 పెరుగుద్ది. మొత్తం మీద 146 రూపాయలు తగ్గినట్టే కనబడుద్ది. మేస్త్రికి గోడ కూడా తొందరగా లేస్తది, గుత్తకి ఇచ్చి ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. కానీ లావు జాయింట్ గోడ బలం తక్కువ. వంకర ఇటుక కొని, దాన్ని సర్దడానికి లావు మాలు వేసే చోటే ఇది ఎక్కువగా జరుగుద్ది, కాబట్టి ఇటుక కొనేటప్పుడే అంచులు చూసుకోండి.

మేస్త్రి "ఇటుక పొడిగా ఉంది సార్, మాలు నిలబడటంలా" అన్నాడంటే నానబెట్టడం సరిగా జరగట్లేదు. పొడి ఇటుక మాలులో నీళ్ళు లాగేస్తది, మాలు పొడిపొడిగా రాలుద్ది, రాలింది మళ్ళీ కలుపుతారు, మీరు పెట్టిన 15 శాతం అక్కడ సరిపోదు. రెండు వందల లీటర్ల నీళ్ళు మిగిల్చి సిమెంట్ పారబోసుకోవడం అది.

షీటు మీద తేదీ, ఇటుక సైజు, జాయింట్, జట్టు పని, ఎన్నో అంతస్తు అనేవి పైనే రాయండి. మొదటి అంతస్తుకి పోతే ఇటుక, మాలు మోసే మనుషులు పెరుగుతారు, ఇదే రేటు అక్కడ చెల్లదు. వానలు మొదలయ్యాక బట్టీలు ఆగి పాత స్టాకే అమ్ముతారు కాబట్టి ఇటుక ధర పెరుగుద్ది, సెప్టెంబర్‌లో కట్టిన రేటు మీద నవంబర్‌లో సంతకం పెట్టేముందు బట్టీకి ఒకసారి ఫోన్ చేసి ఆ 7,500 చోట కొత్త అంకె వేసుకోండి.